తెల్లపూత తగ్గి మళ్లీ వస్తోందంటే

ప్రశ్న: మా బాబుకి పది వారాలు. ఆపరేషన్‌తో పుట్టాడు. నెల దాటాక నాలుక మీద, బుగ్గల లోపల తెల్లగా పేరుకుంది. పిల్లల డాక్టర్ క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ రాసి పది రోజులు వేయమన్నారు. నాలుగో రోజుకే నోరు శుభ్రపడింది, ఆపేశాం. రెండు వారాలకి మళ్లీ వచ్చింది. ఈసారి ఆకలితో పట్టుకుని, రెండు గుటకలు తాగి, వదిలేసి ఏడుస్తున్నాడు. పగలు నా పాలు, రాత్రి రెండుసార్లు డబ్బా పాలు సీసాతో. సీసాని ప్రతిసారీ మరిగిన నీళ్లు పోసి తొలుస్తాను. గుడ్డతో గట్టిగా తుడిస్తే పోతుందని, లేకపోతే వెలిగారం పొంగించి తేనెలో కలిపి రాద్దామని మా అత్తయ్య అంటున్నారు. ఇది సీసా వల్లే వచ్చిందా? నా పాలు ఆపేయాలా? ఇంకొకటి, చెప్పడానికి మొహమాటంగా ఉంది. వారం నుంచి పాలిచ్చాక నాకు చనుమొనల్లో మంటగా ఉంటోంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మొహమాటపడుతూ చివర్లో రాసిన ఆ మాట దగ్గరే మొదలుపెడతానమ్మా. జబ్బు తిరగబెట్టడానికి కారణం సగం అక్కడే ఉంది. బాబు నోటికి మందు పడింది. మీకు పడలేదు. వాడి నోట్లో ఉన్నదే మీ రొమ్ముకి అంటుకుని, అక్కడినుంచి మళ్లీ వాడి నోటికి చేరుతోంది. మిగతా సగం కారణం సీసా మూతికుండే నిపుల్‌లోనూ, నాలుగో రోజున ఆపేసిన మందులోనూ ఉంది.

ముందు, అది నిజంగా తెల్లపూతేనా అన్నది తేల్చుకోవాలి. మన ఇళ్లలో ‘నోరు పూసింది’ అనే ఒక్క మాటనే నోటిపుండ్లకీ దీనికీ కలిపి వాడేస్తాం. రెండూ వేరు. పాలు తాగే పిల్లల నాలుక మీద పల్చటి తెల్లని పొర ఉండటం మామూలే, అది పాలే. తడిపిన మెత్తటి గుడ్డతో ఒకసారి నెమ్మదిగా అద్దితే వచ్చేస్తుంది, కింద నాలుక గులాబీ రంగులో కనిపిస్తుంది. పైగా పాలు నాలుక మీదే నిలుస్తాయి కానీ బుగ్గల లోపలికీ పెదవి వెనక్కీ వెళ్లి అంటుకోవు. తెల్లపూత అలా కాదు. పెరుగు మీగడ ముక్కలు అతికించినట్టు బుగ్గల లోపల, చిగుళ్ల మీద, పెదవి వెనక, అంగిలి మీద ఉంటుంది. అద్దితే రాదు, గీకితే కింద ఎర్రగా పచ్చిపుండులా కనిపించి ఒక్కోసారి రక్తం చిమ్ముతుంది. అంగిలి మధ్యలోనో చిగురు మీదో ఆవగింజంత తెల్లటి గట్టి బొడిపెలు ఒకటి రెండు ఉండి, వారాలు గడిచినా పాకకుండా అలాగే ఉంటే అవి పుట్టుకతో వచ్చినవి, వాటికి మందే అక్కర్లేదు. మీ బాబుకి బుగ్గల లోపల కూడా ఉంది, మందు వేస్తే తగ్గింది, ఆపితే వచ్చింది, మీకు మంట మొదలైంది. నాలుగూ కలిపి చూస్తే తెల్లపూత కాదని అనుమానించడానికి నాకేమీ కనబడటం లేదు.

దీనికి కారణం క్యాండిడా అనే ఫంగస్. బ్రెడ్‌ని పొంగించే ఈస్ట్‌కి దూరపు చుట్టం. మన నోట్లో, పేగుల్లో, ఆడవాళ్ల జననమార్గంలో ఇది మామూలుగానే ఉంటుంది. చుట్టూ ఉన్న మంచి బాక్టీరియా దీన్ని పెరగనివ్వకుండా అదుపులో పెడుతుంది. ఆపరేషన్ కాన్పు తర్వాత మీకు యాంటీబయాటిక్స్ ఇచ్చే ఉంటారు. ఆ మందులు బాక్టీరియాని చంపుతాయి కానీ ఫంగస్‌ని ఏమీ చేయవు. కాపలావాళ్లు పోయాక ఫంగస్‌కి అడ్డుండదు. పది వారాల బిడ్డకి రోగనిరోధక శక్తి ఇంకా పూర్తిగా రాదు, లాలాజలమూ తక్కువే. అందుకే తొలి నెలల పిల్లల్లో ఇది ఇంత ఎక్కువగా కనిపిస్తుంది. మీరు శుభ్రంగా లేకపోవడం వల్ల వచ్చిందని మీ ఇంట్లో ఎవరైనా అంటే పట్టించుకోకండి. సీసా దీన్ని పుట్టించదు. పుట్టినదాన్ని పోనివ్వకుండా దాచిపెడుతుంది.

పాలు తాగకుండా ఏడవడం గురించి ఒక హెచ్చరిక. చాలామంది పిల్లలకి తెల్లపూత పెద్దగా నొప్పి పెట్టదు, నోరంతా తెల్లగా ఉన్నా హాయిగా తాగేస్తారు. అందుకని ఏడుపు ప్రతిదాన్నీ పూత ఖాతాలో వేసేయకూడదు. మీరు చెప్పిన తీరు, అంటే ఆకలితో ఆత్రంగా పట్టుకోవడం, చప్పరించగానే వదిలేసి ఏడవడం, నోటి నొప్పికి సరిపోతుంది. ముక్కు దిబ్బడ అయితే బిడ్డ ఊపిరి తీసుకోవడానికి వదులుతాడు, ముక్కులో గురగుర వినిపిస్తుంది, ఎత్తుకుంటే కాస్త సర్దుకుంటాడు. చెవినొప్పి అయితే పడుకోబెట్టినప్పుడు ఎక్కువవుతుంది, తరచుగా జ్వరం కూడా ఉంటుంది. సీసాతోనే ఏడుస్తూ, దగ్గుతూ, పెదవి మూలల నుంచి పాలు కారుతుంటే నిపుల్ రంధ్రం పెద్దదై పాలు ధారగా వస్తున్నాయని అర్థం. మీరు ఒక చిన్న పరీక్ష చేయండి. కొంచెం పాలు పిండి, శుభ్రమైన చిన్న చెంచాతో పెదవి దగ్గర పెట్టి చప్పరించాల్సిన పని లేకుండా తాగించండి. చెంచాతో నెమ్మదిగా తాగేసి, రొమ్ము దగ్గరా సీసా దగ్గరా మాత్రమే ఏడిస్తే చప్పరించడమే నొప్పి పెడుతోందన్నమాట. చెంచాతో కూడా మింగనంటే కారణం వేరే వెతకాలి, అది డాక్టర్ పని.

నోరు తగ్గేదాకా రెండు మూడు రోజులు తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు పట్టండి. సీసా పాలైతే గోరువెచ్చగా కంటే కాస్త చల్లగా ఉన్నా ఫరవాలేదు, వేడి పుండుకి మంట. ఎంత తాగాడో లెక్కపెట్టలేని తల్లికి తడిసిన లంగోటాలే లెక్క. ఈ వయసులో 24 గంటల్లో ఆరు, అంతకంటే ఎక్కువ బాగా తడిస్తే కడుపులోకి సరిపడా వెళుతున్నట్టే. నొప్పి చుక్కలు మీ అంతట మీరు వేయకండి. మూడు నెలల్లోపు బిడ్డకి పారాసిటమాల్ కూడా డాక్టర్ బరువు చూసి రాస్తేనే.

ఇప్పుడు అత్తయ్యగారి సలహాలు. ఆవిడ మీ మేలు కోరే చెబుతున్నారు, ఆవిడ కాలంలో అందరూ చేసినదే. కానీ రెండూ వద్దు. గట్టిగా తుడిస్తే పైపొర ఊడుతుంది, కింద పచ్చిపుండు మిగులుతుంది, మర్నాటికి దాని మీదే ఫంగస్ మళ్లీ అల్లుకుంటుంది. ఫంగస్ పైన కనిపించే తెలుపు ఒక్కటే కాదు, సన్నటి తీగలుగా చర్మం పైకణాల్లోకి చొచ్చుకుని ఉంటుంది. అందుకే గుడ్డకి చిక్కదు. రోజూ వేలితో అంగిలి తోమించుకున్న పిల్లలకి అంగిలి వెనకభాగంలో రెండు పక్కలా పుండ్లు పడటం నేను చాలాసార్లు చూశాను. అసలు పూత కంటే ఆ పుండ్లే ఎక్కువ బాధ.

వెలిగారం మాట ఇంకాస్త గట్టిగా చెప్పాలి. వెలిగారం అంటే బోరాక్స్. పెనం మీద పొంగిస్తే అందులోని నీరు పోతుంది, బోరాన్ పోదు. మందుల షాపులో దొరికే బోరో గ్లిజరిన్ కూడా ఆ జాతిదే. బిడ్డ దాన్ని ఉమ్మలేడు, మింగేస్తాడు, ఇంకా ఎదగని మూత్రపిండాలు దాన్ని తొందరగా బయటికి పంపలేవు. రోజూ కాస్త కాస్త చొప్పున ఒంట్లో పేరుకుంటుంది. చప్పరించడానికి నోట్లో పెట్టే రబ్బరు పీకకి బోరాక్స్ కలిపిన తేనె రాసి వారాల తరబడి ఇచ్చిన పసిపిల్లలకి ఫిట్స్ వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇక తేనెలో బోటులిజం అనే జబ్బు కలిగించే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దల పేగులు వాటిని మొలకెత్తనివ్వవు, ఏడాదిలోపు బిడ్డ పేగులు ఆపలేవు. మలబద్ధకంతో మొదలై, చప్పరించే బలం పోయి, మెడ వాలిపోయే జబ్బు అది. తేనెని వేడిచేసినా ఆ బీజాలు చావవు. అత్తయ్యగారికి ఇలా చెప్పి చూడండి: ‘డాక్టర్ మందు పది రోజులు నిండేదాకా ఇంకేదీ కలపొద్దన్నారు అత్తయ్యా’. వాదన కంటే ఇది బాగా పనిచేస్తుంది. వస అరగదీసి నాకించే అలవాటు మీ ఇంట్లో ఉంటే అది కూడా ఆపండి. సానరాయి, వేలు, గుడ్డ, ఏది నోట్లోకి వెళ్లినా ఫంగస్‌కి బండి దొరికినట్టే.

మందుకొద్దాం. మీ డాక్టర్ రాసిన మందు మంచిదే. అది పనిచేసిందనడానికి నాలుగు రోజుల్లో నోరు శుభ్రపడటమే సాక్ష్యం. కానీ నాలుగో రోజున పోయింది కంటికి కనిపించేదే. మిగిలిన ఆరు రోజులు కనిపించని దాని కోసం. ఇలాంటి మందులన్నిటికీ ఇదే పద్ధతి. నిస్టాటిన్ చుక్కలు రాస్తే, అది మిల్లీలీటరుకి లక్ష యూనిట్లుండే పసుపురంగు ద్రవం, మామూలుగా 1 మి.లీ. చొప్పున రోజుకి నాలుగుసార్లు వేయమంటారు, తెలుపు పూర్తిగా పోయాక కూడా రెండు రోజులు కొనసాగించమంటారు. మీ పెయింట్‌కైతే ఎన్ని చుక్కలు, ఎన్ని రోజులు అన్నది చీటీలో ఉన్నదే ప్రమాణం.

వేసే తీరు ఇంతకంటే ముఖ్యం. ఈ మందు రక్తంలోకి వెళ్లి పనిచేసేది కాదు, పూతకి అంటుకుని ఉన్నంతసేపే పనిచేస్తుంది. పాలకి ముందు వేస్తే రెండు నిమిషాల్లో పాలతో కడుపులోకి పోతుంది. నాలుక మధ్యలో చుక్కలు వేస్తే గుటకేసేస్తాడు. అందుకని పాలు తాగాక వేయండి, వేశాక ఓ అరగంట ఏమీ పట్టకండి. చేతులు సబ్బుతో కడుక్కుని, చెప్పినన్ని చుక్కలు ఉడకబెట్టి ఆరబెట్టిన చిన్న చెంచాలోకి తీసుకోండి. శుభ్రమైన వేలితో గానీ కొత్త దూదిపుల్లతో గానీ ఆ చెంచాలోది అద్దుకుని, ముందు ఒక బుగ్గ లోపల, తర్వాత రెండో బుగ్గ లోపల, చిగుళ్లు, పెదవి వెనక, చివరికి నాలుక పైన పల్చగా రాయండి. గొంతు వెనక్కి వెళ్లకండి, ఓకారం వచ్చి తాగిందంతా కక్కుతాడు. చెంచాలో మిగిలింది పారేయండి.

సీసా డ్రాపర్‌ని నేరుగా బిడ్డ నోట్లో పెట్టి, అది నాలుకకి తగిలాక మళ్లీ మందు సీసాలో ముంచడం చాలామంది చేసే పొరపాటు. నాకు చూపించడానికి మందు సీసా తెచ్చిన తల్లుల్లో సగంమంది డ్రాపర్ చివర పాలమరక కనిపిస్తుంది. దాంతో మందు సీసాలోకి లాలాజలం, పాలు చేరతాయి. మీరు అలా చేసి ఉంటే పాత సీసా పక్కన పెట్టి కొత్తది తెరవండి.

పది వారాల బిడ్డకి రోజుకి ఎనిమిది పదిసార్లు పాలు పడుతుంటారు కాబట్టి అన్నిసార్లూ మందు వేయాల్సిన పనిలేదు. చీటీలో నాలుగుసార్లు అని ఉంటే పొద్దున్న ఆరు, పదకొండు, సాయంత్రం నాలుగు, రాత్రి తొమ్మిది ప్రాంతాల్లో పాలయ్యాక వేస్తే చాలు. మొదటి రోజున ఫోన్‌తో నోటి ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. రోజూ చూసే కళ్లకి మార్పు తెలియదు, మూడో రోజు ఫొటోతో పోలిస్తే తెలుస్తుంది. మూడు నాలుగు రోజులకి తగ్గుముఖం పట్టాలి.

ఇది రెండోసారి కాబట్టి, మీకూ మందు కావాలి కాబట్టి, ఈసారి ఇద్దరూ కలిసి ఒకసారి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. షాపులో అడిగి మార్చుకోకండి. ఎందుకంటే షాపులో ఈ జబ్బుకి మైకొనజోల్ జెల్ ఇస్తారు. మందు గట్టిదే, కానీ జిగురుగా ఉంటుంది కాబట్టి నాలుగు నెలల్లోపు పిల్లల గొంతుకి అడ్డంపడి ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. నెలలు నిండక పుట్టిన పిల్లలకి ఇంకా కొన్ని నెలలు ఆగాలి. మళ్లీ మళ్లీ వస్తే ఫ్లుకొనజోల్ అనే మందు లోపలికి ఇస్తారు. అది బరువుని బట్టి లెక్కకట్టి ఇచ్చేది, పెద్దవాళ్ల 150 మిల్లీగ్రాముల మాత్రని ముక్క చేసి ఇచ్చేది కాదు. ఊదారంగు జెన్షన్ వయొలెట్ పూసే పాత పద్ధతి కొన్నిచోట్ల ఇంకా ఉంది. ఎక్కువ పూస్తే నోరు పుండవుతుంది, పైగా నోరంతా ఊదాగా మారాక పూత తగ్గిందో లేదో ఎవరికీ తెలియదు. మంచి మందులు దొరుకుతుండగా దాని జోలికి పోవక్కర్లేదు.

ఇక మీ సంగతి. పాలిచ్చే తల్లికి చనుమొన నొప్పి రావడానికి మొట్టమొదటి కారణం ఫంగస్ కాదు, బిడ్డ సరిగా పట్టుకోకపోవడం. ఆ నొప్పి బిడ్డ పట్టుకోగానే ఎక్కువగా ఉండి, తాగుతుండగా తగ్గుతుంది, చివర పగుళ్లు కనిపిస్తాయి. ఫంగస్ మంట తీరు వేరు. అప్పటిదాకా ఏ బాధా లేకుండా పాలిచ్చిన తల్లికి ఉన్నట్టుండి మొదలవుతుంది, సాధారణంగా రెండువైపులా ఉంటుంది, పాలిచ్చాక కూడా అరగంటో గంటో కారం రాసినట్టు మండుతుంది. మీరు రాసింది రెండోదానికి దగ్గరగా ఉంది. మొన చుట్టూ చర్మం నున్నగా మెరవడం, పొట్టు రేగడం, దురద ఉంటే ఇంకా ఖాయం. చామనఛాయ చర్మం మీద ఎరుపు అంతగా కనబడదు, కాబట్టి ఎర్రగా లేదని కొట్టిపారేయకండి.

దీనికి 2 శాతం మైకొనజోల్ క్రీమ్ సాధారణంగా రాస్తారు. ప్రతిసారీ పాలిచ్చాక చాలా పల్చగా, చర్మంలో ఇంకిపోయేలా రాయాలి. మళ్లీ పాలిచ్చే ముందు తెల్లగా ఇంకా కనిపిస్తుంటే తడిగుడ్డతో అద్దేయాలి, సబ్బుతో రుద్దక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. షాపులో ‘ఫంగస్ క్రీమ్’ అనగానే తామరకి వాడే కలగలుపు క్రీమ్ చేతిలో పెడతారు. అందులో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసోల్ లాంటి గట్టి స్టెరాయిడ్, యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి. రెండు రోజులు మంట తగ్గినట్టే ఉంటుంది, ఆ తర్వాత చర్మం పల్చబడి ఫంగస్ ఇంకా పెరుగుతుంది, అదంతా బిడ్డ నోట్లోకి పోతుంది. ట్యూబు మీద ఒక్క మందు పేరే ఉండాలి. క్రీమ్ రాసినా వారంలో మంట తగ్గకపోతే కారణం ఫంగస్ కాదేమో, బిడ్డ పట్టు తీరు చూపించుకోవాలి.

పాలు ఆపకండి. ఆపితే వాడికి మీరిచ్చే రక్షణ పోతుంది, మీకు గడ్డకట్టి ఇంకో బాధ మొదలవుతుంది, పూత మాత్రం ఎక్కడికీ పోదు. మీ చికిత్స, వాడి చికిత్స ఒకే రోజున మొదలుపెట్టండి. ఈ రోజుల్లో పిండిన పాలని అదే రోజు పట్టేయండి, ఫ్రీజర్లో దాచకండి. గడ్డకట్టించినా క్యాండిడా చావదు. రొమ్ముకి పెట్టుకునే ప్యాడ్లు తడిసిన వెంటనే మార్చండి. లోదుస్తులు, బాబు మూతి తుడిచే గుడ్డలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఖమ్మంలో ఎండకేం కొదవ.

సీసా దగ్గరికి వస్తే, మరిగిన నీళ్లు పోసి తొలవడం శుభ్రం చేయడం కాదు. పాలలో కొవ్వూ మాంసకృత్తులూ ఉంటాయి. వేడినీళ్లు నేరుగా పోస్తే కొంత పాలు నిపుల్ లోపలి గోడకి అతుక్కుపోతాయి. ఫంగస్ ఆ జిగురులో పాతుకుంటుంది. చేతికి తెలిసే పరీక్ష ఇది: మీరు శుభ్రమనుకున్న నిపుల్‌ని లోపలి వైపు బయటికి తిప్పి వేళ్ల మధ్య రుద్దండి. జారుడుగా ఉంటే ఇంకా పాలు ఉన్నట్టే, రబ్బరు కిర్రుమనాలి. సీసా మెడ దగ్గర మరచుట్లలోనూ, నిపుల్ పట్టే రింగు లోపలా కూడా చూడండి. గ్యాస్ పట్టకుండా అని లోపల గొట్టం, వాల్వు పెట్టిన సీసాలైతే పాలు దాక్కునే చోట్లు ఇంకా ఎక్కువ.

వరస ఇది. తాగించిన వెంటనే అన్ని భాగాలూ విడదీసి ముందు చల్లటి నీళ్లతో కడిగేయండి, పాలు అతుక్కోకుండా. తర్వాత సబ్బునీళ్లు, సీసాకి మాత్రమే వాడే బ్రష్. నిపుల్‌ని తిప్పి లోపలి వైపు కూడా తోమి, రంధ్రం గుండా నీళ్లు పిండండి. బాగా కడిగాక మూతున్న గిన్నెలో, లోపల గాలిబుడగ మిగలకుండా అన్నీ పూర్తిగా మునిగేలా వేసి ఉడికించండి. సలసల మరగడం మొదలయ్యాక పది నిమిషాలు లెక్కపెట్టండి, స్టవ్ వెలిగించినప్పటి నుంచి కాదు. తర్వాత నీళ్లు వంపేసి, కడిగిన చేతులతో తీసి శుభ్రమైన గుడ్డ మీద ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే చేసిన పనంతా వృథా. తడిగా మూత బిగించి పెట్టడం కూడా తప్పే. ఖమ్మం వైపు బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి ఉడికించాక సీసా మీద తెల్లటి మరకలు మిగలొచ్చు. అది నీటి సున్నం, భయపడక్కర్లేదు. తాగే నీళ్లతో ఉడికిస్తే తగ్గుతుంది. పీక ఇస్తుంటే పూత తగ్గేదాకా మానేయడం మేలు. మానలేకపోతే దాన్నీ రోజూ ఇలాగే ఉడికించాలి.

రాత్రి రెండుసార్లే కాబట్టి మీకు ఒక తేలికైన దారి ఉంది. సీసా పక్కన పెట్టి ఉగ్గుగిన్నె వాడండి. స్టీలు ఉగ్గుగిన్నెకి మూలలు లేవు, రంధ్రం లేదు, కడిగితే కంటికి కనబడుతుంది, ఉడికించడం నిమిషాల పని. పైగా దానితో తాగితే చప్పరించాల్సిన పని లేదు కాబట్టి నోటి నొప్పి ఉన్న ఈ రోజుల్లో వాడికీ హాయి. బాబుని ఒళ్లో కూర్చున్నట్టుగా తల ఎత్తి పట్టుకుని, గిన్నె ముక్కు కింది పెదవి మూలకి ఆనించి, వాడు నాలుక చాపి పాలు లాక్కునేలా కొద్దికొద్దిగా వంచండి. నోట్లో పోయకూడదు, పొలమారుతుంది. అలవాటయ్యేదాకా మొదటి రెండు రాత్రులు సగం పాలు గుడ్డ మీదే పోతాయి, నిరాశపడకండి. డబ్బా పాలు ఏ పాత్రతో పట్టినా అప్పటికప్పుడు కలపండి. మరిగించిన నీళ్లు అరగంటలోపు, ఇంకా 70 డిగ్రీలకి తగ్గకుండా ఉండగానే పొడి కలిపి, తర్వాత గిన్నెని చల్లటి నీళ్లలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. తాగగా మిగిలినవి గంట దాటాక పారేయాలి, తెల్లవారుజామున మళ్లీ పట్టకూడదు.

లంగోటా విప్పినప్పుడు తొడల మడతల్లో కూడా చూడండి. మింగిన ఫంగస్ మలంతో బయటికొచ్చి అక్కడ కూడా పెరుగుతుంది. మామూలు తడి ఒరుపు మడతల్ని వదిలేసి ఉబ్బెత్తు చోట్లే ఎర్రబడుతుంది. ఫంగస్ మడతల్లోకే వెళ్లి, అంచుల చుట్టూ చిన్న చిన్న ఎర్రటి చుక్కలు చల్లినట్టు కనిపిస్తుంది. ఉంటే డాక్టర్‌కి చూపించండి, దానికీ అదే రోజు క్రీమ్ మొదలవ్వాలి.

ఇవి మాత్రం ఆగకూడని సంగతులు: 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్, అంతకు మించి జ్వరం వస్తే ఈ వయసులో రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, పూత ఉందా లేదా అన్నది తర్వాత. తడిసే లంగోటాలు నాలుగుకి పడిపోయినా, మగతగా ఉండి పాలకి లేవకపోయినా, నోట్లో తెలుపు కాకుండా నీటి పొక్కులో పుండ్లో కనిపించినా అంతే. పెయింట్ సరైన పద్ధతిలో రెండు వారాలు వేసినా పోకపోతే, బరువు పెరగకపోతే, తొమ్మిది నెలలు దాటాక కూడా మళ్లీ మళ్లీ వస్తుంటే రోగనిరోధక శక్తి గురించి డాక్టర్ కొన్ని రక్తపరీక్షలు రాయొచ్చు. అవి ఎందుకు రాశారో నిదానంగా అడగండి.

మీ లెక్క ప్రకారం చెబితే, సోమవారం ఇద్దరికీ మందు మొదలైతే గురువారానికి నోరు శుభ్రపడినట్టు కనిపిస్తుంది. పోయినసారి మీరు ఆపింది అక్కడే. ఈసారి ఆ తర్వాత వచ్చే బుధవారం రాత్రి దాకా వేయండి. గురువారం పొద్దున్న పాత నిపుల్స్, పీక, సగం మిగిలిన పెయింట్ సీసా మూడూ చెత్తబుట్టలో వేసేయండి. ఎంత ఉడికించినా సన్నటి పగుళ్లలో మిగిలేది అక్కడే. పాల సీసాలకి గీతలు పడకపోతే ఉంచుకోవచ్చు, నిపుల్స్ మాత్రం కొత్తవి కొనండి.